ఇంగ్లిష్ జవాబుల్లో మర్యాదగా వద్దనడం ఎలా: డిక్లైన్, టర్న్ డౌన్, రిజెక్ట్, రిగ్రెట్

ఆఫర్ లెటర్ వచ్చింది, చేరాలని లేదు. పెళ్లి కార్డు వచ్చింది, వెళ్లడం కుదరదు. తెలుగులో అయితే ఫోన్ చేసి నాలుగు మాటలు అటూ ఇటూ తిప్పి చెప్పేస్తాం. అదే సంగతి ఇంగ్లిష్ మెయిల్‌లో రాయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. నిఘంటువు తెరిస్తే డిక్లైన్, రిజెక్ట్, రెఫ్యూజ్, టర్న్ డౌన్ అన్నిటికీ ఎదురుగా తిరస్కరించు, నిరాకరించు అనే ఉంటుంది. అన్నీ ఒకటే కదా అని చేతికి అందిన మాట వాడతాం. అవతలివాళ్లకు అది ఒక్కోసారి మొహం మీద కొట్టినట్టు ఉంటుంది, ఒక్కోసారి అసలు వస్తున్నామో లేదో కూడా అర్థం కాదు.

ఈ మాటలను విడదీసి చూడడం మొదలుపెట్టి, ఉద్యోగ ఆఫర్‌కు, ఆహ్వానానికి, కొటేషన్ ఎంక్వయిరీకి జవాబు రాయడం దాకా ఒక్కో అడుగు చూద్దాం.

మొదటి అడుగు: ఉత్తరంలో రాసే మాటా, ఉత్తరం గురించి చెప్పుకునే మాటా?

ఈ మాటల మధ్య ఉన్న అసలు తేడా మర్యాద మోతాదు కాదు. డిక్లైన్, రిగ్రెట్ అన్నవి ఎదుటి మనిషికి నేరుగా రాసే మాటలు. టర్న్ డౌన్, రిజెక్ట్ అన్నవి జరిగిన సంగతిని మూడో మనిషికి చెప్పేటప్పుడు వాడే మాటలు. మీరు హెచ్‌ఆర్‌కు ‘ఐ హావ్ డిసైడెడ్ టు డిక్లైన్ ద ఆఫర్’ అని రాస్తారు. సాయంత్రం స్నేహితుడితో ‘ఐ టర్న్‌డ్ డౌన్ ద ఆఫర్’ అంటారు. పని ఒక్కటే, కానీ రెండో వాక్యాన్ని హెచ్‌ఆర్‌కు రాస్తే ఆమె ముందే ఆమె గురించి ఇంకెవరికో చెబుతున్నట్టు ఉంటుంది.

రిజెక్ట్ సంగతి ఇంకొంచెం వేరు. ఒకదాన్ని పరీక్షించి, పనికిరాదని పక్కన పెట్టినప్పుడు వాడే మాట అది. ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ దగ్గర లోపం ఉన్న పీస్‌ను రిజెక్ట్ చేస్తారు, పత్రికవాళ్లు వ్యాసాన్ని రిజెక్ట్ చేస్తారు, కమిటీ ప్రతిపాదనను రిజెక్ట్ చేస్తుంది. ఆఫర్‌నో ఆహ్వానాన్నో రిజెక్ట్ చేస్తున్నానని రాస్తే ‘మీరిచ్చింది నాకు తగినది కాదని తేల్చాను’ అన్న వాసన వస్తుంది. ఇంత గట్టి మాట మన మెయిళ్లలో ఎందుకు దొర్లుతుందంటే, తెలుగు మాటల మధ్యలో దాన్ని అన్నిటికీ వాడేస్తున్నాం కాబట్టి. లోన్ రిజెక్ట్ అయింది, వీసా రిజెక్ట్ అయింది, ఆ సంబంధం రిజెక్ట్ చేశాం, ఆఫర్ రిజెక్ట్ చేశా. తెలుగు వాక్యంలో కలిసిపోయినప్పుడు దాని పదును తెలియదు. ఇంగ్లిష్ వాక్యంలో ఒంటరిగా నిలబడితే తెలుస్తుంది.

రెఫ్యూజ్ దీనికి దగ్గరి చుట్టం. అందులో ‘ససేమిరా’ అన్న పట్టుదల గానీ, అధికారం గానీ ఉంటుంది. అమెరికా వీసా దరఖాస్తు స్థితి చూసే పేజీలో Refused అని కనిపించేది అందుకే, అది అధికారి నిర్ణయం. విందుకు పిలిస్తే రెఫ్యూజ్ చేయకూడదు. ఇక డినై అనే మాటను ఈ సందర్భంలో పూర్తిగా వదిలేయండి. మన ‘నిరాకరించు’ దానికీ సరిపోతుంది కాబట్టి ‘ఐ డినై యువర్ ఆఫర్’ అని రాసేవాళ్లు కనిపిస్తుంటారు. డినై అంటే ఆరోపణ నిజం కాదనడం, లేదా అడిగినవాళ్లకు అనుమతి ఇవ్వకపోవడం. మనకు వచ్చిన ఆఫర్‌ను డినై చేయడం ఇంగ్లిష్‌లో కుదరదు.

రిగ్రెట్ మిగతావాటిలాంటిది కాదు. అది వద్దనే మాట కాదు, వద్దన్నందుకు విచారం తెలిపే మాట. దానంతట అది ఏదీ తిరస్కరించదు, పక్కన అసలు విషయం ఉండాలి. ‘ఐ రిగ్రెట్ యువర్ ఇన్విటేషన్’ అని రాస్తే ‘మీరు నన్ను పిలిచినందుకు నాకు బాధగా ఉంది’ అని అర్థం. రాయాల్సింది ‘ఐ రిగ్రెట్ దట్ ఐ యామ్ అనేబుల్ టు అటెండ్’.

రెండో అడుగు: మాట తర్వాత ఏం రావాలో చూసుకోండి

సరైన మాట ఎంచుకున్నాక కూడా చాలా వాక్యాలు ఇక్కడే తప్పుతాయి.

డిక్లైన్ తర్వాత వస్తువు పేరు పెట్టొచ్చు, ‘టు’తో క్రియా పెట్టొచ్చు. ‘డిక్లైన్ ద ఇన్విటేషన్’, ‘డిక్లైన్ టు కామెంట్’ రెండూ సరైనవే. ‘డిక్లైన్ కమింగ్’ తప్పు. రిజెక్ట్, టర్న్ డౌన్ తర్వాత పేరు మాత్రమే రావాలి. ‘హి రిజెక్టెడ్ టు కమ్’ అని రాయకూడదు, అక్కడ ‘రెఫ్యూజ్డ్ టు కమ్’ గానీ ‘డిక్లైన్డ్ టు కమ్’ గానీ ఉండాలి. రాననడం మన మనసులో ఒకే పని కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది.

టర్న్ డౌన్ రెండు ముక్కల మాట, మధ్యలో చోటిస్తుంది. ‘టర్న్‌డ్ డౌన్ ద ఆఫర్’ అనొచ్చు, ‘టర్న్‌డ్ ద ఆఫర్ డౌన్’ అనీ అనొచ్చు. కానీ ఇట్, దెమ్, హిమ్ లాంటి సర్వనామం వస్తే అది తప్పనిసరిగా మధ్యలోనే కూర్చోవాలి. ‘ఐ టర్న్‌డ్ ఇట్ డౌన్’ సరైనది, ‘ఐ టర్న్‌డ్ డౌన్ ఇట్’ తప్పు.

రిగ్రెట్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. దాని తర్వాత ‘టు’ వస్తే ఇప్పుడు చెప్పబోతున్న చెడు కబురు గురించి, ‘ఇంగ్’ వస్తే ఇదివరకే జరిగిపోయిన పని గురించి. ‘ఐ రిగ్రెట్ టు సే’ అంటే చెప్పడానికి విచారిస్తున్నాను, ఇదిగో చెబుతున్నాను అని. ‘ఐ రిగ్రెట్ సేయింగ్’ అంటే ఆ మాట అని ఉండాల్సింది కాదు అని. ‘టు’ తర్వాత కూడా ఏ క్రియ పడితే ఆ క్రియ రాదు. సే, ఇన్ఫార్మ్, టెల్, అనౌన్స్ లాంటి చెప్పే మాటలే నప్పుతాయి. అందుకే ‘ఐ రిగ్రెట్ టు నాట్ అటెండ్’ అన్నది ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘ఐ రిగ్రెట్ దట్’ అని మొదలుపెట్టి పూర్తి వాక్యం రాస్తే ఈ చిక్కులేవీ ఉండవు. అనుమానం వచ్చిన ప్రతిసారీ అదే వాడండి.

కొంప ముంచే పొరపాటు ఇంకొకటుంది. ‘ఐ రిగ్రెట్ అటెండింగ్’ అంటే వచ్చినందుకు పశ్చాత్తాపపడుతున్నాను అని. ఫంక్షన్‌కు వెళ్లలేక ‘రిగ్రెట్ ఫర్ అటెండింగ్’ అని పంపితే పిలిచినవాళ్లు బుర్ర గోక్కుంటారు.

మూడో అడుగు: ‘వుడ్ నాట్’ తీసేయండి

మన దేశంలో రాసే ఇంగ్లిష్‌లో ‘ఐ వుడ్ నాట్ బి ఏబుల్ టు అటెండ్’ మహా మామూలు. విల్ కంటే వుడ్ మర్యాదగా ఉంటుందని బడిలో నేర్పారు. అడిగేటప్పుడు అది నిజమే, ‘వుడ్ యు హెల్ప్ మీ’ మెత్తగా ఉంటుంది. వద్దనేటప్పుడు మాత్రం వుడ్ వాక్యాన్ని గాల్లో వేలాడదీస్తుంది. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనిషి దాన్ని చదివి, ‘ఏం జరిగితే రాలేరు?’ అని మిగతా సగం కోసం ఎదురుచూస్తాడు. ‘తేదీ మార్చకపోతే రాలేను’ లాంటి షరతు ఏదో ఉందనుకుంటాడు. నిర్ణయం అయిపోయింది కాబట్టి ‘ఐ విల్ నాట్ బి ఏబుల్ టు’ అనే రాయండి.

‘రాలేను’ అన్న మన మాటలో సామర్థ్యమూ నిరాకరణా కలిసే ఉన్నాయి. దాన్ని ముక్కలు చేసి ఇంగ్లిష్‌లో పెట్టేటప్పుడు ‘ఐ కాంట్ ఏబుల్ టు కమ్’ తయారవుతుంది. కాంట్, ఏబుల్ రెండూ ఒకే పని చేస్తాయి, ఒకటి చాలు. ‘ఐ కాంట్ కమ్’ తప్పు కాదు గానీ స్నేహితులకే సరి. పరిచయం తక్కువైన వాళ్లకు ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ వోంట్ బి ఏబుల్ టు మేక్ ఇట్’ అనండి. ఇక్కడ అఫ్రెయిడ్‌లో భయం ఏమీ లేదు, మన ‘ఏమనుకోకండి’ లాంటిది. మాట్లాడేటప్పుడు రిగ్రెట్ చోట దీన్నే వాడతారు. ఫోన్‌లో ‘ఐ రిగ్రెట్’ అంటే రైల్వే స్టేషన్ ప్రకటనలా వినిపిస్తుంది.

నాలుగో అడుగు: ఉద్యోగ ఆఫర్‌కు జవాబు

మెయిల్ తెరిచే ముందు మీరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి. దశను బట్టి క్రియ మారిపోతుంది, చాలామంది పట్టించుకోనిది ఇదే.

ఇంటర్వ్యూకు పిలిచారు, వెళ్లదలచుకోలేదు. అప్పుడు డిక్లైన్ చేసేది ఇంటర్వ్యూ ఆహ్వానాన్ని. ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి, ఆఫర్ ఇంకా రాలేదు, తప్పుకోవాలనుకున్నారు. ఇంకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు కాబట్టి డిక్లైన్ చేయడానికి ఏమీ లేదు. అక్కడ ‘విత్‌డ్రా మై అప్లికేషన్’ అని రాయాలి. ఆఫర్ వచ్చింది, మీరింకా సరేననలేదు. ఇప్పుడు ‘డిక్లైన్ ద ఆఫర్’. ఆఫర్‌కు సరేనన్నారు, సంతకం చేసి పంపారు, తర్వాత మనసు మారింది. ఇక డిక్లైన్ అనకూడదు, ‘విత్‌డ్రా మై యాక్సెప్టెన్స్’ అనాలి.

ఈ నాలుగో దశకు మన ఐటీ కంపెనీల్లో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. పాత కంపెనీలో ఆ మూడు నెలలు గడుస్తుండగానే ఇంకో ఆఫర్ వస్తుంది, మొదటిదానికి సంతకం అయిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ‘డిక్లైన్’ అని మెయిల్ పెడితే, మీరు ఇదివరకు సరేనన్న సంగతిని దాటవేస్తున్నట్టు హెచ్‌ఆర్‌కు అనిపిస్తుంది. వాళ్ల ఫైల్‌లో మీ సంతకం ఉంది. ఒప్పుకున్నానని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నానని ఉన్నదున్నట్టు రాయండి. మెయిల్ రాసేముందు ఆ కాగితంలో చేరకపోతే ఏమవుతుందని రాసి ఉందో, జాయినింగ్ బోనస్ ముందే ఇచ్చి ఉంటే దాని సంగతేమిటో చదువుకోండి.

ఇప్పుడు మూడో దశలో ఉన్న ఒక మెయిల్ చూద్దాం. హైదరాబాద్‌లో టెస్టింగ్ పని చేసే ఒకరికి రెండు ఆఫర్లు వచ్చాయి, ఒకటి ఒప్పుకున్నారు, రెండోదానికి ఇలా రాశారనుకుందాం:

‘రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ యామ్ రిజెక్టింగ్ యువర్ ఆఫర్ డ్యూ టు సమ్ పర్సనల్ రీజన్స్. ఐ వుడ్ నాట్ బి ఏబుల్ టు జాయిన్ ఆన్ ద గివెన్ డేట్. ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ రిగ్రెటెడ్. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్.’

వరసగా చూడండి. ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ అని ఇంగ్లిష్‌లో అంటే తర్వాత విభేదించబోతున్నారని గుర్తు, గౌరవం చూపడానికి పెట్టిన మాట కాస్తా గొడవకు దిగినట్టు తయారైంది. వెంటనే రిజెక్టింగ్ వచ్చి ఆ అనుమానాన్ని రూఢి చేసింది. ‘సమ్ పర్సనల్ రీజన్స్’లో ఆ సమ్ వల్ల కారణం దాచినట్టు ఉంది. ‘పర్సనల్ రీజన్స్’ ఒక్కటే అయితే ఫరవాలేదు. అన్నిటికంటే పెద్ద నష్టం రెండో వాక్యంలో జరిగింది. ‘ఇచ్చిన తేదీన చేరలేకపోవచ్చు’ అన్న అర్థం రావడంతో, తేదీ మార్చమని అడుగుతున్నారనుకుని హెచ్‌ఆర్ ‘ఇంకో 15 రోజులు ఇస్తాం’ అని తిరుగు మెయిల్ పెట్టే అవకాశం ఉంది. ‘ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్ ఈజ్ రిగ్రెటెడ్’ అన్నది రోడ్డు తవ్వినచోట మునిసిపాలిటీ బోర్డు మీద రాసే వాక్యం, విచారపడుతున్నది ఎవరో అందులో కనిపించరు. చివరి వాక్యం మన ఆఫీసుల బయట చాలామందికి అర్థం కాదు, పైగా ఇక్కడ అవతలివాళ్లు చేయాల్సిన పనే లేదు.

అదే మనిషి ఇలా రాస్తే సరిపోతుంది. సబ్జెక్ట్ లైన్‌లో ఆఫర్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్, ఉద్యోగం పేరు, తన పేరు. మెయిల్ హెచ్‌ఆర్ పేరుతో ‘డియర్’ అని మొదలవుతుంది. తర్వాత:

‘థాంక్యూ ఫర్ ఆఫరింగ్ మీ ద పొజిషన్ ఆఫ్ సీనియర్ టెస్ట్ ఇంజినీర్. ఆఫ్టర్ కేర్‌ఫుల్ థాట్, ఐ హావ్ డిసైడెడ్ టు డిక్లైన్ ద ఆఫర్, యాజ్ ఐ హావ్ యాక్సెప్టెడ్ అనదర్ రోల్. ఐ అప్రిషియేట్ ద టైమ్ యు అండ్ ద ఇంటర్వ్యూ ప్యానెల్ స్పెంట్ విత్ మీ, అండ్ ఐ హోప్ యు ఫిల్ ద రోల్ సూన్.’

మూడే వాక్యాలు. మొదటిదాంట్లో కృతజ్ఞత, ఏ ఉద్యోగమో స్పష్టంగా ఉంది. నిర్ణయం రెండో వాక్యంలోనే వచ్చేసింది, చదివేవాళ్లు చివరిదాకా వెతుక్కోనక్కర్లేదు. ‘హావ్ డిసైడెడ్ టు’ అనడంలో పని పూర్తయిందని తెలుస్తుంది. ‘వుడ్ లైక్ టు డిక్లైన్’ అంటే అనుమతి అడుగుతున్నట్టూ ఉంటుంది, వద్దనడం ఇష్టమన్నట్టూ ఉంటుంది. ‘మస్ట్ డిక్లైన్’ అంటే తప్పనిసరై అని, అది కూడా బాగుంటుంది, కానీ నిజంగా ఏదో అడ్డం వచ్చినప్పుడే.

కారణం అరవాక్యం మించలేదు. జీతం తక్కువని వద్దనుకుంటే రాయాలా వద్దా అన్నది మీ ఉద్దేశం మీద ఉంటుంది. పెంచితే చేరతానన్నప్పుడు మాత్రం రాయండి, అప్పుడది నిరాకరణ కాదు, బేరం. అలాంటప్పుడు డిక్లైన్ అన్న మాటే మెయిల్‌లో ఉండకూడదు. రెండూ కలిపి ‘డిక్లైన్ చేస్తున్నా, కానీ ఇంత ఇస్తే ఆలోచిస్తా’ అని రాస్తే రెండు పనులూ చెడతాయి.

‘ఐ రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు’ అని ఇందులో ఎందుకు పెట్టలేదంటే, అది పెద్ద సంస్థ ఒక వ్యక్తికి చెడు కబురు చెప్పే వరస. కంపెనీలు ఎంపిక కానివాళ్లకు ‘వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు’ అని రాస్తాయి, ‘రిజెక్ట్ చేశాం’ అని రాయవు. ఒక అభ్యర్థి అదే వాక్యం కంపెనీకి తిప్పి పంపితే తప్పేమీ లేదు గానీ, కుర్చీ కాస్త ఎత్తుగా వేసుకున్నట్టు ఉంటుంది. విచారం తెలపాలనుంటే ‘విత్ రిగ్రెట్’ అనండి, లేదా ‘ఐ యామ్ సారీ టు’ అనండి.

ఐదో అడుగు: ఆహ్వానానికి జవాబు

మన శుభలేఖకు రాలేమని ఎవరూ ఉత్తరం రాయరు. ‘తప్పకుండా ప్రయత్నిస్తాం’ అంటాం. ఆ మాటలో ‘రావడం అనుమానమే’ అన్నది ఇద్దరికీ తెలుసు, పిలిచినవాళ్లు ఎటూ వంద మందికి ఎక్కువే వండిస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో సహోద్యోగి పెళ్లికి పిలిచినప్పుడు అదే మాటను ‘ఐ విల్ ట్రై మై బెస్ట్’ అని మార్చి పంపడంలో. అక్కడ కూర్చునే కుర్చీ, ప్లేటు పేరు పేరునా లెక్కగట్టి క్యాటరర్‌కు చెబుతారు. ‘ట్రై’ అంటే వాళ్లకు వచ్చే అవకాశం ఉందని అర్థం, మీ కోసం కుర్చీ ఆపి ఉంచుతారు, మళ్లీ మళ్లీ అడుగుతారు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలన్న సామెత ఈ జవాబుకు అచ్చంగా సరిపోతుంది.

కార్డు మీద RSVP అని ఉంటే వచ్చినా రాకపోయినా జవాబు ఇవ్వాలి. అది ఫ్రెంచ్ వాక్యానికి పొడి అక్షరాలు, ‘దయచేసి జవాబివ్వండి’ అని అర్థం. అందులోనే ‘దయచేసి’ ఉంది కాబట్టి ముందు ప్లీజ్ చేర్చనక్కర్లేదు. ‘రిగ్రెట్స్ ఓన్లీ’ అని ఉంటే లెక్క తిరగబడుతుంది. రాలేనివాళ్లు మాత్రమే చెప్పాలి, మౌనంగా ఉంటే వస్తున్నట్టే రాసుకుంటారు. ఇక్కడ రిగ్రెట్స్ అంటే పశ్చాత్తాపాలు కావు, రాలేమనే కబురు. ‘ప్లీజ్ యాక్సెప్ట్ మై రిగ్రెట్స్’ అన్నా, ‘షి సెండ్స్ హర్ రిగ్రెట్స్’ అన్నా అదే అర్థం. ఈ అర్థంలో చివర ‘స్’ తప్పనిసరి.

మామూలు ఆహ్వానానికి జవాబు ఇంతే: ‘థాంక్యూ సో మచ్ ఫర్ ఇన్వైటింగ్ అస్. అన్‌ఫార్చునేట్‌లీ, వి విల్ బి ఇన్ విజయవాడ దట్ వీక్ అండ్ వోంట్ బి ఏబుల్ టు జాయిన్ యు. వి హోప్ ఇట్స్ ఎ లవ్లీ డే.’ ఇందులో డిక్లైన్ అన్న మాటే లేదని గమనించండి. దగ్గరివాళ్ల పిలుపుకు ‘ఐ డిక్లైన్ యువర్ ఇన్విటేషన్’ అంటే వ్యాకరణం సరే, బంధుత్వం చల్లబడుతుంది. ఆహ్వానాల్లో డిక్లైన్‌ను సంస్థలకు, సభలకు, ఉపన్యాసానికి పిలిచినవాళ్లకు దాచుకోండి.

పాతకాలపు పద్ధతిలో మూడో వ్యక్తి వరసలో అచ్చువేసిన కార్డు వస్తే, అంటే ఫలానా దంపతులు మీ రాకను కోరుతున్నారు అన్నట్టు ఉంటే, జవాబు కూడా అదే వరసలో చేత్తో రాస్తారు. ‘మిస్టర్ అండ్ మిసెస్’ అని మీ పేరుతో మొదలుపెట్టి, ‘రిగ్రెట్ దట్ దే ఆర్ అనేబుల్ టు యాక్సెప్ట్ ద కైండ్ ఇన్విటేషన్ ఆఫ్’ అని వాళ్ల పేర్లు, తేదీ రాసి ముగిస్తారు. వస్తున్నామని రాసేవాళ్లు వేళ కూడా మళ్లీ రాస్తారు, తామూ అదే వేళ అనుకుంటున్నామని తెలియడానికి. రానివాళ్లకు ఆ అవసరం లేదు. కారణం చెప్పాలనిపిస్తే ‘ఓయింగ్ టు ఎ ప్రీవియస్ ఎంగేజ్‌మెంట్’ చాలు. ఎంగేజ్‌మెంట్ అంటే నిశ్చితార్థమని కంగారు పడకండి, ముందే ఒప్పుకున్న పని అని.

ఆఫీసు మీటింగ్ ఆహ్వానానికి అవుట్‌లుక్‌లో Accept, Tentative, Decline అని బటన్లు ఉంటాయి. వాటిలో Decline నొక్కడం ఏమాత్రం మొరటుతనం కాదు, అది గుర్తు మాత్రమే. మొరటుగా అనిపించేది ఏ మాటా లేకుండా నొక్కడం. అక్కడే జవాబుకు మాట జతచేసే వీలుంటుంది, ‘క్లయింట్ కాల్ అట్ ద సేమ్ టైమ్, విల్ రీడ్ ద నోట్స్’ అని ఒక ముక్క రాయండి. జవాబు పంపవద్దనే ఎంపికను పొరపాటున నొక్కితే మీ క్యాలెండర్‌లోంచి మీటింగ్ పోతుంది గానీ పిలిచినవాళ్లకు కబురు అందదు.

ఆరో అడుగు: కోట్ చేయలేనప్పుడు

చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లకు, సప్లయర్లకు ప్రభుత్వరంగ సంస్థల నుంచి ఎంక్వయిరీ వస్తుంది. కోట్ చేయలేకపోతే రిగ్రెట్ లెటర్ పంపమని చాలావాటిలో రాసి ఉంటుంది. ఇది పశ్చాత్తాప పత్రం కాదు, ఈసారి ధర ఇవ్వడం లేదన్న కాగితం. ఊరుకుంటే ఏమవుతుందో కూడా ఆ ఎంక్వయిరీ షరతుల్లోనే చూడండి, వరసగా జవాబివ్వని సప్లయర్ పేరు జాబితాలోంచి తీసేస్తామని కొన్నిచోట్ల ఉంటుంది. రాయాల్సింది ఒక్క వాక్యం: ‘వి రిగ్రెట్ అవర్ ఇనబిలిటీ టు కోట్ అగెయిన్‌స్ట్ యువర్ ఎంక్వయిరీ’ అని, ఎంక్వయిరీ నంబర్, తేదీ. అరవాక్యం కారణం: ఆ సైజు మేం తయారుచేయం, లేదా అడిగిన గడువులో ఇవ్వలేం. కింద ‘ముందు ముందు కూడా ఎంక్వయిరీలు పంపండి’ అని ఒక వాక్యం. సంస్థ నుంచి సంస్థకు వెళ్లే కాగితం కాబట్టి ఇక్కడ రిగ్రెట్ బిగుసుకుపోయినట్టు ఉండదు, అదే సరైన మాట.

ఎదురుగా ఉన్నప్పుడు

కాఫీ, ఇంకో ముద్ద కూర, కారులో దింపుతామనడం లాంటివాటికి పై మాటలేవీ పనికిరావు. ‘నో, థాంక్యూ’ చాలు, ‘ఐ యామ్ ఫైన్, థాంక్స్’ అన్నా అదే. థాంక్యూ లేని ఉత్త నో మాత్రం వద్దు. మన ఇళ్లలో మొదటిసారి అడిగితే మొహమాటానికి వద్దంటాం, వాళ్లు మూడోసారి అడిగేటప్పటికి గ్లాసు అందుకుంటాం. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల ఇళ్లలో చాలావరకు మొదటి జవాబునే నిజమనుకుంటారు, మళ్లీ అడగరు. నిజంగా కాఫీ కావాలంటే మొదటిసారే ‘యెస్, ప్లీజ్’ అనేయండి. కాసేపాగితే తాగుతానంటే ‘నాట్ జస్ట్ నౌ, థాంక్యూ’ అనండి, ఆ ‘జస్ట్ నౌ’ వల్ల ఇంకోసారి అడుగుతారు.